ఒకే బ్యాచ్‌కు నాలుగు ప్లేస్‌మెంట్ అంకెలు: ఫ్లెక్సీ మీద ఏది వేయాలి?

కాలువగట్టు_మాస్టారు

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఈ ఏడాది ప్రచార బాధ్యత కూడా నాకు అప్పగించారు. బ్రోచర్, వెబ్‌సైటు, భీమవరం నుంచి పాలకొల్లు దాకా రోడ్డు పక్కన కట్టే ఫ్లెక్సీలు, పూర్వ విద్యార్థుల కథనాలు అన్నీ నా చేతి మీదుగా వెళ్లాలి.

2020లో చేరి 2024లో చదువు ముగించిన బ్యాచ్ గురించి మేము ఇప్పటివరకు చెప్పినవన్నీ ఒకచోట పెట్టి చూశాను. ఫ్లెక్సీ మీద 92 శాతం ప్లేస్‌మెంట్లు అని ఉంది. వెబ్‌సైటులో 90 శాతం. కేంద్రం కాలేజీలకు ఇచ్చే ర్యాంకుల కోసం ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు మేమే పంపి, మా సైటులోనే పెట్టిన పీడీఎఫ్‌లో గడువులోగా ఉత్తీర్ణులైనవారు 472 మంది, ఉద్యోగం వచ్చినవారు 349 మంది. అంటే 74 శాతం. ఇక జూనియర్ కాలేజీల చుట్టూ తిరిగే మా పీఆర్వోలు నోటితో చెప్పేది నూటికి నూరు.

ప్లేస్‌మెంట్ విభాగం నాకు ఇచ్చిన ఎక్సెల్ ఫైలులో 506 వరుసలున్నాయి. చివరి సంవత్సరంలో, డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరిన లేటరల్ ఎంట్రీ వారితో కలిపి 547 మంది ఉన్నారు. ప్లేస్‌మెంట్లకు పేరు నమోదు చేసుకున్నవారు 388 మంది. ఈ ఏడాది నుంచి అన్నిచోట్లా ఒకే మాట ఉండాలని నా పట్టుదల. ఆ మాట ఏదై ఉండాలో తెలిసినవారు చెప్పండి.

ఫ్లెక్సీ_సత్తిబాబు

మాస్టారూ, మాది ప్రింటింగు, డిజైను పని. తణుకు, రావులపాలెం, అమలాపురం వైపు కాలేజీల పనులు చాలా చేస్తాం. నమోదు చేసుకున్న 388 మందిలో 349 మందికి వచ్చిందంటే 90 శాతమే కదా. అది అబద్ధం కాదు. ఉద్యోగం వద్దనుకున్నవాడిని లెక్కలో ఎందుకు కలపాలి? పైగా పక్క కాలేజీ 95 వేస్తే మీరు మొత్తం 547 మంది మీద లెక్కేసి 64 వేస్తారా? రోడ్డు మీద పోయేవారు రెండూ పక్కపక్కనే చూస్తారు.

చట్టం భయం కూడా అక్కర్లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2024లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది కోచింగ్ సెంటర్ల కోసం. కాలేజీలకు అవి వర్తించవు.

విశ్రాంత_టీపీవో_కాకినాడ

మాస్టారు గారూ, ఇరవై ఏళ్లకు పైగా శిక్షణ, ప్లేస్‌మెంట్ విభాగంలోనే పనిచేసి పదవీ విరమణ చేశాను. ముందు మీ 92 ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. 506ను 547తో భాగించండి. 92.5 వస్తుంది. అంటే ఎవరో ఆఫర్ లెటర్ల సంఖ్యను విద్యార్థుల సంఖ్యతో భాగించారు. మూడు ఆఫర్లు వచ్చిన అమ్మాయి ఆ లెక్కలో ముగ్గురైంది. పెద్ద ఐటీ కంపెనీలు వరుసగా వచ్చిన ఏడాదిలో ఈ పద్ధతిన నూరు శాతం దాటిన కాలేజీలు కూడా ఉంటాయి. అప్పుడు శాతం వదిలేసి ‘ఇన్ని వందల ఆఫర్లు’ అని వేస్తారు.

హాల్ టికెట్ నంబర్లు బి కాలమ్‌లో ఉంటే ఇది వేసి చూడండి:

```
=COUNTA(UNIQUE(B2:B507))
```

349 రావాలి. రాకపోతే నంబర్లలో ఖాళీలో, తప్పు అక్షరాలో ఉన్నట్టు.

సత్తిబాబు గారి మాటలో సగం నిజముంది. నమోదైనవారి మీద లెక్కించే శాతం ప్లేస్‌మెంట్ విభాగం పనితీరుకు మంచి కొలమానం. నేనూ ప్రిన్సిపాల్‌కు ఇచ్చే నివేదికలో అదే రాసేవాడిని. కానీ ఆ 388 ఎలా ఏర్పడిందో చూడాలి. బ్యాక్‌లాగ్‌లున్నవారిని, అరవై శాతం మార్కులు లేనివారిని మొదటే పక్కన పెడతారు. కొన్నిచోట్ల ఇంటర్వ్యూలో నెగ్గలేరనుకున్న పిల్లల చేత ‘పై చదువులకు వెళ్తాను, ఉద్యోగం అవసరం లేదు’ అని సంతకం చేయించుకుంటారు. అలా తీసేసిన 159 మంది తల్లిదండ్రులు కూడా ఫీజు కట్టినవారే. ఫ్లెక్సీ చూసేవారికి 90 శాతం అంటే తరగతిలో పది మందికి తొమ్మిది మంది అనే అర్థం.

చట్టం గురించి: కోచింగ్ మార్గదర్శకాలు కాలేజీలకు కావన్నది సరే. కానీ వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద 2022లో వచ్చిన సాధారణ మార్గదర్శకాలు కోచింగ్‌కు మాత్రమే పరిమితమైనవి కావు. వాటికి తోడు విద్యాసంస్థల ప్రకటనల కోసమే ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఆస్కీ, నియమాలు పెట్టింది. ఇంతమందికి ఉద్యోగాలు వచ్చాయని చెబితే, ఆ తరగతి నుంచి మొత్తం ఎంతమంది బయటికి వచ్చారో కూడా అదే ప్రకటనలో చెప్పాలని అందులో ఉంది. ఆస్కీ ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ, కోర్టు కాదు. అయినా ఫిర్యాదు వెళితే సమాధానం చెప్పుకోవలసింది మీరే.

ఉండి_రొయ్యల_రైతు

నాకు ఈ శాతాల గొడవ తెలియదు గానీ మా అబ్బాయి సంగతి చెబుతాను. యాజమాన్య కోటాలో చేర్చాం. నాలుగో ఏడాదిలో ఆఫర్ లెటర్ వచ్చింది. కాలేజీవారు వాడి ఫొటో ఫ్లెక్సీ మీద వేశారు, ఊళ్లో అందరూ చూశారు. చదువు అయిపోయి ఏడాది గడిచినా కంపెనీ చేరే తేదీ ఇవ్వలేదు. కాలేజీకి ఫోను చేస్తే ‘మా పని ఆఫర్ వరకే’ అన్నారు. తరువాతి ఏడాది కూడా వాడి ఫొటో అలాగే ఉంది. వాడు ఇంట్లోనే ఉన్నాడు. పెళ్లిళ్లకు రావడం మానేశాడు.

మేము చెరువులో వదిలిన పిల్ల ఎంత, పట్టుబడికి వచ్చింది ఎంత అని లెక్క చూస్తాం. మధ్యలో ఒకరోజు వల వేసి చూసినప్పుడు కనబడినదాన్ని బట్టి పంట లెక్క ఎవరూ రాయరు. ఆఫర్ వచ్చినవారి లెక్క కాకుండా, వెళ్లి ఉద్యోగంలో చేరినవారి లెక్క ఏ కాలేజీ అయినా వేస్తుందా?

ఎంసెట్_2025_పాప

నాకు ఈఏపీసెట్‌లో 42 వేల ర్యాంకు వచ్చిందండి. గోదావరి జిల్లాల్లో సీఎస్ఈ ఎక్కడ వస్తుంది? ప్లేస్‌మెంట్లు బాగున్న కాలేజీ చెప్పగలరా? వెబ్ ఆప్షన్లు పెట్టాలి.

విశ్రాంత_టీపీవో_కాకినాడ

అమ్మా, ర్యాంకు గురించి వేరే చర్చలో అడిగితే సీట్లు వచ్చినవారు చెబుతారు. కానీ ఒక పని నువ్వే చేసుకోవచ్చు. నువ్వు అనుకుంటున్న కాలేజీ సైటులో ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే లింకు ఉందేమో చూడు. ఆ పీడీఎఫ్‌లో నాలుగేళ్ల యూజీ కోర్సుల పట్టిక ఉంటుంది. ఎంతమంది చేరారు, లేటరల్‌గా ఎంతమంది వచ్చారు, గడువులోగా ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పై చదువులకు వెళ్లారు అని వరుసగా ఉంటాయి. ఫ్లెక్సీ మీది అంకెను దాని పక్కన పెట్టి చూడు. ఆ పట్టిక కాలేజీ మొత్తానికి కలిపి ఇస్తారు కాబట్టి సీఎస్ఈ సంగతి విడిగా తెలియదు. అది కాలేజీకి వెళ్లి అడగాల్సిందే.

మాస్టారు గారూ, మీ సమస్య ఎందుకు ముదిరిందో ఇక్కడే ఉంది. ఒకప్పుడు ఫ్లెక్సీని సరిచూడడానికి జనానికి ఆధారం ఉండేది కాదు. ఇప్పుడు మీ మాటను కాదనే కాగితం మీ సైటులోనే ఉంది.

రైతు గారి ప్రశ్న అన్నిటికంటే కష్టమైనది. ఆఫర్ల లెక్క నాలుగో ఏడాది చివరికి తేలుతుంది. చేరినవారి లెక్కకు మరో ఆరు నెలలు ఆగాలి, పిల్లలకు ఫోన్లు చేయాలి. అందుకే ఎవరూ చేయరు. ఐటీ కంపెనీలు 2022 బ్యాచ్ వారిని నెలల తరబడి ఆపిన తరువాత ఈ తేడా అందరికీ తెలిసింది.

కాలువగట్టు_మాస్టారు

ఫార్ములా వేశాను, 349 వచ్చింది. ఆ తరువాత పరీక్షల విభాగం నుంచి ఉత్తీర్ణుల జాబితా తెప్పించి హాల్ టికెట్ నంబర్లు పోల్చాను. కొత్త సమస్య బయటపడింది. ఆఫర్ వచ్చిన 349 మందిలో 18 మంది గడువులోగా ఉత్తీర్ణులే కాలేదు. బ్యాక్‌లాగ్‌లు ఉండిపోయాయి. అంటే 472 మందిలో ఉద్యోగం వచ్చినవారు 331 మందే. పీడీఎఫ్‌లోని 74 కూడా నిలబడదు, 70 అవుతుంది.

మెంటార్ల చేత ఆ 331 మందికీ ఫోన్లు చేయించాను. ఒక్కో అధ్యాపకుడికి ఇరవై మంది లోపే కాబట్టి అనుకున్నంత కష్టం కాలేదు. 2024 డిసెంబరు నాటికి చేరినవారు 276 మంది. తేదీ కోసం ఎదురుచూస్తున్నవారు 38 మంది. మిగిలిన 17 మంది వేరే దారి చూసుకున్నారు, లేదా ఫోను తీయలేదు. చేరామన్నవారిని నియామక పత్రం గానీ మొదటి జీతం స్లిప్పు గానీ పంపమన్నాం, అంకెలు చెరిపేసి పంపినా సరే అన్నాం.

విశ్రాంత_టీపీవో_కాకినాడ

ఆ 18 మంది ప్రతి కాలేజీలో ఉంటారు. ఆఫర్ లెటరులోనే ‘బ్యాక్‌లాగ్‌లు లేకుండా పూర్తిచేస్తేనే’ అన్న షరతు ఉంటుంది. ప్లేస్‌మెంట్ విభాగం లెటరు వచ్చినరోజు పేరు రాసుకుంటుంది, పరీక్షల విభాగం జాబితా తరువాత వస్తుంది, రెండు ఫైళ్లూ ఒకదాన్నొకటి చూడవు. పైన పెట్టే అంకె ఒక గుంపులోది, కింద పెట్టే అంకె మరో గుంపులోది అవుతుంది. పంపేసిన పీడీఎఫ్ సంగతి కాలేజీ నాణ్యత చూసే మీ ఐక్యూఏసీ విభాగం కోఆర్డినేటరుకు రాతపూర్వకంగా చెప్పండి. సవరణ ఎలా పంపాలన్నది వారు, ప్రిన్సిపాల్ తేల్చాలి. మీరు మాత్రం పాత అంకె తెలిసి తెలిసి మళ్లీ వాడకండి.

ఇక నా సలహా. కాలేజీకి ఒక్క పట్టిక ఉండాలి. ఒక విద్యార్థికి ఒక్క వరుస, హాల్ టికెట్ నంబరే ఆధారం. పక్కన బ్రాంచి, ఉత్తీర్ణత, ఎన్ని ఆఫర్లు, ఎంచుకున్న కంపెనీ, జీతం, ఆఫర్ క్యాంపస్‌దా బయటిదా, చేరిన తేదీ, ఆధారపత్రం. డిసెంబరు 31న దాన్ని మూసేసి ప్రిన్సిపాల్ సంతకం పెట్టాలి. ఫ్లెక్సీ, బ్రోచర్, సైటు, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్‌కు పంపే నివేదిక, పీఆర్వో చేతిలోని కాగితం అన్నిటికీ అంకెలు అక్కడినుంచే రావాలి. న్యాక్ అడిగే పద్ధతి వేరు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ అడిగే పద్ధతి వేరు కాబట్టి శాతాలు ఒకటిగా ఉండకపోవచ్చు. మనుషుల సంఖ్య మాత్రం మారకూడదు.

ఫ్లెక్సీ_సత్తిబాబు

ఇదంతా బ్రోచరులో పడుతుంది గానీ ఫ్లెక్సీలో పట్టదు సార్. బస్సులో పోతున్నవారు చదవాలంటే ఆరేడు మాటలకు మించి ఉండకూడదు. కింద చుక్క గుర్తు పెట్టి చిన్న అక్షరాల్లో షరతులు వేస్తే అవి వేసినా వేయనట్టే.

విశ్రాంత_టీపీవో_కాకినాడ

అందుకే శాతమే వద్దంటాను. ‘2024 బ్యాచ్: 547 మందిలో 331 మందికి ఉద్యోగాలు’. ఏడు మాటలే అయ్యాయి. మొత్తం ఎంతమందో అందులోనే ఉంది, చుక్క గుర్తు అవసరం లేదు.

ఫ్లెక్సీ_సత్తిబాబు

అది వేయవచ్చు. చూడడానికీ కొత్తగా ఉంటుంది. యాజమాన్యం ఒప్పుకుంటుందా అన్నదే నా అనుమానం.

అనూష_అమలాపురం

పూర్వ విద్యార్థుల కథనాల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. కోనసీమలో ఒక కాలేజీలో ఈసీఈ చదివాను, ఇప్పుడు బెంగళూరులో పెద్ద కంపెనీలో ఉన్నాను. మా కాలేజీ నా ఫొటో వేసి, కంపెనీ గుర్తు వేసి, ‘మా క్యాంపస్ నుంచి’ అని రాసింది. నాకు క్యాంపస్‌లో ఏ ఉద్యోగమూ రాలేదు. అమీర్‌పేటలో టెస్టింగ్ నేర్చుకుని చిన్న కంపెనీలో తక్కువ జీతానికి చేరాను. మూడేళ్ల తరువాత మారాను, మళ్లీ మారాను. పోస్టరు మీద వేసిన ప్యాకేజీ నా ఇప్పటి జీతం కూడా కాదు, ఎవరో ఊహించి వేసింది.

దానివల్ల ఏమైందంటే, జూనియర్లు లింక్‌డ్‌ఇన్‌లో ‘అక్కా, ఆ కంపెనీ మన క్యాంపస్‌కు ఎప్పుడు వస్తుంది?’ అని అడుగుతున్నారు. ఎప్పుడూ రాలేదని చెప్పినప్పుడల్లా ఆ పిల్లలకు కాలేజీ మీద ఉన్న నమ్మకం నా చేతుల మీదుగా పోతోంది. నాకు అది ఇష్టం లేదు. మా డిజిటల్ ల్యాబ్ మేడం లేకపోతే నాకు ఈ రంగమే తెలిసేది కాదు. ఆ మాట ఎందుకు వేయరు? నా అసలు దారి వేస్తే, క్యాంపస్‌లో రానివారికి కూడా పనికొస్తుంది కదా.

కాలువగట్టు_మాస్టారు

అనూష గారూ, మా బ్రోచరులోని ‘అత్యధిక ప్యాకేజీ 21 లక్షలు’ కథ ఇలాంటిదే. ఆ అబ్బాయి మా విద్యార్థే, కానీ ఆ ఉద్యోగం కోడింగ్ పోటీల ద్వారా సొంతంగా తెచ్చుకున్నాడు. పైగా ఆ 21 లక్షల్లో చేరినప్పుడు ఒక్కసారి ఇచ్చే బోనసు, నాలుగేళ్లలో దక్కే షేర్లు కలిసి ఉన్నాయట. మా 331 మంది మధ్యస్థ జీతం ఏడాదికి 3.6 లక్షలు. 21 పెద్ద అక్షరాల్లో ఉంది, 3.6 ఎక్కడా లేదు.

విశ్రాంత_టీపీవో_కాకినాడ

21ని తీసేయకండి. ఆ అబ్బాయి కష్టం అది. అతని పేరు కింద, క్యాంపస్ బయట తెచ్చుకున్నాడని రాసి వేయండి. ప్లేస్‌మెంట్ పట్టిక నెత్తిన మాత్రం 3.6 ఉండాలి. సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ అని ఒక వాక్యం చాలు. సగటు వేస్తే 21 లాంటి కొన్ని పెద్ద జీతాల వల్ల అది పైకి జరుగుతుంది.

కథనాలకు నేను పెట్టే నియమం: చదివిన సంవత్సరం, బ్రాంచి, మొదటి ఉద్యోగం, అది ఎలా వచ్చింది, ఇప్పటిది. ఈ ఐదూ లేకుండా ఫొటో వేయకూడదు. మధ్యలో అమెరికాలో ఎంఎస్ చేసివుంటే అదీ రాయాలి. చివరి ప్రతిని వారికే పంపి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, ప్రతి ఏడాదీ మళ్లీ అడగాలి. మనుషులు ఉద్యోగాలు మారతారు, కంపెనీలు తీసేస్తాయి కూడా.

ఫొటోల సంగతి కూడా చెప్పేస్తాను. ప్రకటనలో చూపించే భవనం ప్రకటన వేసేనాటికి నిజంగా ఉండాలని ఆస్కీ నియమాల్లోనే ఉంది. కంప్యూటర్‌లో గీసిన హాస్టల్ బొమ్మ వేయకూడదు.

ఫ్లెక్సీ_సత్తిబాబు

ఆ బొమ్మలు మాకు ఇచ్చేది కాలేజీలే సార్. డ్రోను ఫొటోలైతే అందరూ వరి పచ్చగా ఉన్నప్పుడే తీయమంటారు, కొబ్బరి చెట్లు, కాలువ వచ్చేలా. అది తప్పంటారా?

విశ్రాంత_టీపీవో_కాకినాడ

ఉన్నదాన్ని అందంగా తీయడం తప్పు కాదు. తుఫాను వానలకు గేటు దగ్గర మోకాలి లోతు నీళ్లు నిలిచే క్యాంపస్ అయితే, ఆ రోజుల్లో బస్సులు ఎలా నడుస్తాయో, హాస్టల్ వారికి ఏ ఏర్పాట్లున్నాయో సైటులో రాయాలి. డెల్టాలో పుట్టినవారికి నీళ్లు నిలుస్తాయని తెలుసు. వారు అడిగేది ఏర్పాట్ల గురించే.

పాలకమండలి_సభ్యుడు

నేనూ మరో కాలేజీ పాలకమండలిలో ఉన్నాను. మీరందరూ చెప్పేది వినడానికి బాగుంది. కానీ కన్వీనర్ కోటా 70 శాతం పోగా, యాజమాన్య కోటా 30 శాతం నిండకపోతే జీతాలు ఆగుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ పరిస్థితిలో మేమొక్కరమే 331 వేసి, చుట్టుపక్కలవారు 95 శాతం వేస్తే మొదటి దెబ్బ మాకే. ఆ దెబ్బ ఎంతకాలం ఉంటుందో టీపీవో గారు చెప్పగలరా?

విశ్రాంత_టీపీవో_కాకినాడ

చెప్పలేను. మొదటి ఏడాది కొన్ని సీట్లు పోవచ్చు, అది జరగదని నేను మాట ఇవ్వను. కానీ యాజమాన్య కోటా సీట్లు ఎలా నిండుతాయో మీకు తెలుసు. ఫ్లెక్సీ చూసి ఫోను చేస్తారు, చేరేముందు అదే ఊళ్లో మీ దగ్గర చదివిన పిల్లవాడి ఇంటికి వెళ్లి అడుగుతారు. ఆ ఇంట్లో చెప్పే మాట, మీ ఫ్లెక్సీ మాట ఒకటి కాకపోతే సీటు అక్కడే పోతోంది. ఆ పోయిన సీటు మీ లెక్కల్లో ఎక్కడా కనబడదు.

పీఆర్వోల విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. తలకు ఇన్ని అడ్మిషన్లని లక్ష్యం పెట్టి పంపిస్తే వారు నూరు శాతం అనే చెబుతారు. అచ్చు కాగితం ఎంత నిజాయితీగా ఉన్నా ప్రయోజనం ఉండదు. ముందు ఆ లక్ష్యం తీసేయండి.

పాలకమండలి_సభ్యుడు

లక్ష్యం తీసేయడం మా దగ్గర కుదరదు. కాగితంలో ఉన్నదే చెప్పాలని, అంతకు మించి చెప్పినట్టు తెలిస్తే ఆ అడ్మిషన్ లెక్కలోకి తీసుకోమని పెట్టవచ్చేమో. మాట్లాడి చూస్తాను.

కాలువగట్టు_మాస్టారు

ఈరోజు మా ప్రిన్సిపాల్‌తో కూర్చున్నాను. ఫ్లెక్సీకి ‘547 మందిలో 331’ ఒప్పుకున్నారు. మధ్యస్థ జీతం బ్రోచరు మొదటి పేజీకి వస్తుంది. 90 శాతం సైటు నుంచి నిన్ననే తీసేయించాను. గీసిన హాస్టల్ బొమ్మ స్థానంలో ఇప్పుడున్న హాస్టల్ ఫొటో పెడుతున్నాం. పాత కథనాల్లో ఉన్నవారందరికీ అంగీకారం కోసం మెయిల్ పంపాం. జవాబు రానివారి ఫొటోలు తీసేస్తాం.

రెండు తేలలేదు. ఆఫర్ వచ్చినా ఎంఎస్‌కు వెళ్లినవారు మా పట్టికలో పన్నెండు మంది ఉన్నారు. వారిని ఉద్యోగాల వైపు రాయాలా, పై చదువుల వైపా అన్నదాని మీద మా ఐక్యూఏసీలోనే ఇద్దరు రెండు మాటలు చెబుతున్నారు. ఒకచోటే రాయాలన్నది మాత్రం ఒప్పుకున్నారు.

రెండోది రైతు గారు అడిగినది. చేరినవారు 276 అని కూడా వేయాలని నేను అడిగాను. ఎవరూ వేయని అంకె మనమెందుకు వేయాలన్నారు. సైటులో పెట్టడానికైనా ఒప్పించాలని చూస్తున్నాను. వచ్చే వారం కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్తాను.

ఉండి_రొయ్యల_రైతు

వెళ్లినప్పుడు ఆ 38 మంది సంగతి కూడా అడగండి మాస్టారూ. తేదీ రానివారికి కాలేజీ మళ్లీ డ్రైవ్‌లలో కూర్చునే అవకాశం ఇస్తుందా? ఆఫర్ ఒకటి వచ్చింది కదా అని మావాణ్ణి తరువాత వచ్చిన కంపెనీలకు రానివ్వలేదు.

కాలువగట్టు_మాస్టారు

మా దగ్గరా అదే నిబంధన ఉంది, ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక కొత్త డ్రైవ్‌లలో కూర్చోకూడదని. తేదీ ఆరు నెలలు దాటితే ఆ నిబంధన ఎత్తివేయాలని రాసి తీసుకువెళ్తాను. ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.